పెట్టెలో సర్దని అలసట

లూమింగ్ నవ్వించడం మానేసిందన్న సంగతి మకావులో ఉన్న మావాళ్ళందరికీ ఒకే ఆదివారం తెలిసింది. ఆరోజు మా ఫిలిప్పీన్స్ కుర్రాళ్ళ బాస్కెట్‌బాల్ పోటీల ముగింపు. కప్పు వచ్చింది, కేకు వచ్చింది, మైకు పట్టుకోవలసిన మనిషి రాలేదు. చివరికి ఒక సెక్యూరిటీ గార్డు మైకు అందుకుని, గెలిచిన జట్టు పేరు బదులు ఓడిన జట్టు పేరు చదివి కూర్చున్నాడు. ఇంకోసారయితే ఆ పొరపాటు మీద లూమింగ్ అరగంట నవ్వించేది. ఆరోజు ఎవరూ గట్టిగా నవ్వలేదు.

ఆమె అసలు పేరు ఇలుమినాదా వెర్సోసా. మావాళ్ళలో అంత పొడుగు పేరు పత్రాల్లోనే ఉంటుంది. ఫిలిప్పీన్స్‌లోని కెసోన్ ప్రాంతంలో సముద్రం ఒడ్డున వాళ్ళ పల్లె. నలభైకి దగ్గర పడింది, పెళ్ళి చేసుకోలేదు. పెద్ద హోటల్లో గదులు సర్దే పని. ఆమె జోలపాట పాడినా జనం పడిపడి నవ్వేవారు, మొహం అలా పెట్టేది. పుట్టినరోజులకు, బాప్తిజాలకు, అందాల పోటీలకు ఆమే వ్యాఖ్యాత. ఊళ్ళో పుట్టిన ప్రతి పిల్లకూ బాప్తిజంలో రెండో తల్లిగా, జ్ఞానతల్లిగా ఆమె పేరే రాయించేవారు. "నాకు కడుపు పండలేదు గానీ, క్రిస్మస్ కానుకలు కొనేటప్పుడు మాత్రం నాకు కుందేలంత సంతానం" అని తనమీద తనే జోకు వేసుకునేది.

నేను ఆమెకన్నా పదిహేనేళ్ళు పెద్దదాన్ని. నా పేరు పెర్పెతువా. అందరూ పెపాంగ్ అంటారు, చిన్నవాళ్ళు ముందు "ఆతె" చేర్చి అక్కను చేసుకుంటారు. ఇతరుల పిల్లల్ని పెంచీ పెంచీ మోకాళ్ళు అరిగాక, చర్చి పక్కనున్న వలస కార్మికుల కేంద్రంలో చేరాను. మనసు బాగోలేని వాళ్ళ దగ్గర కూర్చుని వినడం, సాయం చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళడం మాకక్కడ నేర్పించారు. మా గది తలుపు మీద ఆ విషయం ఎక్కడా రాసి ఉండదు. "కుట్టు, వంట, కబుర్లు" అని ఉంటుంది. కుట్టుమిషను కూడా నిజంగానే ఉంది. మనసుకు వైద్యం అని బోర్డు పెడితే మావాళ్ళు ఆ వీధిలోంచి నడవడమే మానేస్తారు.

మర్నాడు లూమింగ్‌కి సెలవని తెలిసి, అల్లం దట్టంగా వేసిన కోడి గంజి పట్టుకుని వాళ్ళ గదికి వెళ్ళాను. ఒకే గదిలో ఎనిమిదిమంది, మంచం మీద మంచం. అందరూ పనులకు పోయారు. కింది మంచానికి పూల తెర కట్టి ఉంది. ఆ తెర వెనకనుంచి గొంతు వచ్చింది.

"ఎవరు?"

"అప్పులవాణ్ణి కాదులే. పెపాంగ్‌ని."

తెర కొంచెం కదిలింది. జుట్టుకు దువ్వెన తగలక ఎన్నాళ్ళయిందో. ఎప్పుడూ ఎర్రగా ఉండే పెదవులకు రంగే లేదు.

"పిచ్చిదానిలా కనిపిస్తున్నానా, ఆతె?"

"ఆకలేసిన దానిలా కనిపిస్తున్నావు. తిను."

రెండు చెంచాలు తిని ఆపేసింది. వీపు నొప్పన్నది, నిద్ర పట్టడం లేదన్నది, గుండె మీద ఎవరో కూర్చున్నట్టు ఉందన్నది. అన్నిటికీ చివర "అంతే, అలసట" అని చేర్చింది. మావాళ్ళు దుఃఖం అనరు, అలసట అంటారు. దుఃఖమంటే దేవుడి మీద ఫిర్యాదు చేసినట్టు ఉంటుంది. అలసటంటే కష్టపడ్డట్టు ఉంటుంది.

"మా కేంద్రంలో డాక్ చోంగ్ ఉంది. ఒకసారి మాట్లాడు" అన్నాను.

"నా పని పర్మిట్, ఆ నీలం కార్డు పోతుంది. తలకి బాగోలేనిదాన్ని హోటలు వాళ్ళు ఉంచుకుంటారా? ఊళ్ళో తెలిస్తే? మా పాసింగ్ పిన్ని నోరు నీకు తెలీదు. లూమింగ్‌కి బుర్ర చెడిందట అని మధ్యాహ్నానికి చేపల రేవు దాకా చేరేస్తుంది."

"అక్కడ చెప్పింది గది దాటదు. హోటలుకి చెప్పరు, చర్చికీ చెప్పరు. నీ ప్రాణానికి ముప్పుంటే తప్ప ఎవరికీ చెప్పరు, అదీ ముందు నీతో చెప్పే. నువ్వు ఒప్పుకుంటేనే నేను కూడా లోపల కూర్చుంటాను."

"ఎవరైనా చూస్తే?"

"కుట్టు నేర్చుకోవడానికి వచ్చానని చెప్పు."

"నేనా? బొత్తాం కుట్టడం కూడా రాదు నాకు."

"అందుకే నేర్చుకోవాలి మరి."

నవ్వలేదు గానీ, గంజి మళ్ళీ దగ్గరకు జరుపుకుంది.

డాక్ చోంగ్ మకావులోనే పుట్టిన చైనా మనిషి. ఆమె మందులిచ్చే డాక్టరు కాదు, మాటలతో వైద్యం చేసే మనిషి. మావాళ్ళకు మాత్రం చదువుకున్నవాళ్ళంతా "డాక్". మా భాష పట్టుదలగా నేర్చుకుంది. ఎంత నేర్చుకున్నా మా "అలసట" మాట దగ్గర నాలుక మడతపడేది; మా భాషలో ఆ మాటా, పిట్టగూడు అనే మాటా దాదాపు ఒకేలా పలుకుతాయి. "అలసిపోయావా?" అనబోయి మొదటిరోజే లూమింగ్‌ని "నువ్వు పిట్టగూడువా?" అని అడిగింది.

లూమింగ్ ఆమె వైపు చూసి, "ఈమధ్య గుడ్లు పెట్టడం మానేశాను" అన్నది. నెలల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి హాస్యం అదే.

తర్వాత తొమ్మిది ప్రశ్నలు అడిగారు: నిద్ర, ఆకలి, పనుల మీద ఆసక్తి, తనమీద తనకున్న చులకన, ఇలాంటివి. చివరి ప్రశ్న చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా అని. డాక్ చోంగ్ ఆ మాట తడబడకుండా, తిన్నగా అడిగింది. లూమింగ్, పొద్దున్నే లేవకపోతే బాగుండుననిపిస్తుందని, కానీ తనకు తాను ఏమీ చేసుకోవాలని లేదని చెప్పింది. ఆ ఆలోచన ముదిరితే ఎవరికి ఫోన్ చేయాలో, ఎక్కడికి రావాలో అప్పుడే మాట్లాడుకున్నారు. రక్తపరీక్షకూ పంపారు. థైరాయిడ్ తేడాగా ఉన్నా ఇలాంటి నీరసం వస్తుందట. అది బాగానే ఉందని తేలింది.

రెండోసారి కలిసినప్పుడు డాక్ చోంగ్ నల్లబల్ల మీద బొమ్మ వేసింది. మనిషికి ఈ బరువు ఎలా మొదలైంది, ఏది దాన్ని పోకుండా నిలబెడుతోంది అని ఇద్దరూ కలిసి గీసుకునే పటం అది. ఆ పటం కుదిరితేనే వైద్యం ఎటు వెళ్ళాలో తెలుస్తుంది. ఒక గుండ్రం గీసి, అందులో ఆలోచన, బాధ, శరీరం, చేసే పని అని నాలుగు చోట్ల రాసింది. ఆలోచన దగ్గర లూమింగ్ చెప్పిన మాటే పెట్టింది: "ఇంట్లో వాళ్ళందర్నీ నేనే చూసుకోవాలి."

"ఈ ఆలోచన ఎంతవరకు నిజమో చూద్దామా? నీకోసం నువ్వు బతకడం తప్పు కాదు కదా" అన్నది.

లూమింగ్ మర్యాదగా తలూపింది. మావాళ్ళు కాదని చెప్పలేనప్పుడు అలాగే తలూపుతారు. తర్వాతి రెండు వారాలూ రాలేదు.

చేపల బజారులో పట్టుకున్నాను.

"ఏమే, కుట్టు పూర్తయిందా?"

"ఆవిడ మంచిదే, ఆతె. కానీ మా అమ్మని తీసుకెళ్ళి రోగం గుండ్రంలో రాసింది. మా నాన్న పడవ తిరిగి రాని ఏడు మా అమ్మ ఊరంతా చేపలమ్మి నన్ను చదివించింది. వాళ్ళని చూసుకోవాలనుకోవడమే నా జబ్బయితే, నాకు నయం కాకపోయినా ఫరవాలేదు."

ఆమె సరేనంటే ఆ మాట డాక్ చోంగ్‌కి చెప్తానన్నాను. "చెప్పు, కానీ నొచ్చుకోకుండా చెప్పు" అన్నది. నేను చెప్పాను. డాక్ చోంగ్ నొచ్చుకోలేదు. కుర్చీ వెనక్కి జరుపుకుని, ఇంకా చెరపని ఆ బొమ్మ ముందు నిలబడింది.

"నిజమే. తనకి బలమిచ్చేదాన్ని తెచ్చి తన్ను కుంగదీసే చోట పెట్టాను" అని, గుడ్డ తీసుకుని తుడిచేసింది. "ఆమెను ఒక్కసారి రమ్మనండి. ఈసారి సుద్ద ఆమె చేతికిస్తాను."

లూమింగ్ వచ్చింది. డాక్ చోంగ్ ఆరోజు పాఠం చెప్పలేదు, అడిగింది. దీన్ని మీ ఊళ్ళో ఏమంటారు? ఎందువల్ల వచ్చిందని నీకనిపిస్తోంది? ఇంట్లోవాళ్ళకి తెలిస్తే ఏమనుకుంటారని భయం? ఇంతకుముందు కష్టం వస్తే ఎవరి దగ్గరికి వెళ్ళేదానివి? అన్నిటికన్నా నువ్వు పోగొట్టుకోకూడదనుకునేది ఏమిటి?

ఆఖరి ప్రశ్నకు లూమింగ్ తడుముకోలేదు. "మా వాళ్ళు. మా వాళ్ళకి పనికొచ్చే మనిషిగా ఉండటం."

"అయితే దాన్ని ముట్టుకోవద్దు" అని డాక్ చోంగ్ సుద్ద ఆమెకిచ్చింది. "నువ్వు ఇంటికి ఏం పంపుతావో గీయి."

లూమింగ్ పెద్ద అట్టపెట్టె గీసింది. మాలో ప్రతివాళ్ళ మంచం కిందా ఉంటుందది. దొరికినప్పుడల్లా ఒక సబ్బు, ఒక చాక్లెట్ పొట్లం, ఒక జత బూట్లు అందులో పడేస్తూ, నిండగానే టేపు చుట్టి ఓడలో పంపుతాం. సబ్బులూ బూట్లూ రాశాక ఆగి, "ఫొటోలు" అని రాసింది. హోటలు మెట్ల మీద నవ్వుతూ, వేరేవాళ్ళ పూలగుత్తి పట్టుకుని నవ్వుతూ, సెలవురోజు లిప్‌స్టిక్ పూసుకుని పడుకోబోయేముందు నవ్వుతూ తీసుకున్నవి.

"పెట్టెలో పెట్టనిదేమిటి?" అన్నది డాక్ చోంగ్.

లూమింగ్ సుద్దతో పెట్టె బయట, బల్ల అంచున, చాలా చిన్న అక్షరాలతో "నేను" అని రాసింది.

ఆ తర్వాత పటం దానంతటదే సాగింది. ఇద్దరూ మార్చిమార్చి గీశారు, మధ్యలో నేను రెండు మాటలు వెతికిపెట్టానంతే. అలసట వస్తుంది. సిగ్గుతో దాచి నవ్వుమొహం పంపుతుంది. ఇంట్లోవాళ్ళు ఆమె హాయిగా ఉందనుకుని ఇంకా పెద్ద కోరిక కోరతారు. కాదనలేదు, కాబట్టి ఫోన్ ఎత్తడం తగ్గిస్తుంది. స్నేహితుల ముందు నవ్వించే ఓపిక లేక వాళ్ళకీ దూరమవుతుంది. తెర వెనక ఒక్కతే మిగులుతుంది. ఒక్కతే మిగిలితే అలసట రెట్టింపవుతుంది. బాణం తిరిగి మొదటికి వచ్చింది.

"చూశావా, ఇందులో మీ అమ్మ లేదు. మీ అమ్మకి తెలియకపోవడం ఉంది" అన్నది డాక్ చోంగ్.

లూమింగ్ ఏడ్చింది. ఏడుస్తూనే, "అయితే ఈ బాణాల్లో ఏది తెంపాలి?" అని అడిగింది.

రెండు చోట్ల తెంపుదామనుకున్నారు. ముందు తేలికైంది: మనుషుల్లోకి రావడం. ఓపిక వచ్చాక రావాలని కాదు, వస్తే ఓపిక వస్తుందేమో చూద్దామని. మొదటివారం పని నీటి ఒడ్డున నాతో పావుగంట నడవడం. నా మోకాళ్ళతో నేను వెనకబడితే ఆమె ఆగి, "వైద్యం నాకా, నీకా?" అనేది. రెండోవారం వంటగదిలో అందరితో కలిసి నూడుల్స్ చేయడం. అక్కడ ఆమెను నవ్వించమని ఎవరూ అడగకూడదని ముందే ఒప్పందం. ఉల్లిపాయలు తరిగితే చాలు. మూడోసారికి ఉల్లిపాయలు తరుగుతూ తనే కూనిరాగం తీసింది. ఒక వారం మళ్ళీ తెర వెనక్కి పోయింది కూడా. అందుకు డాక్ చోంగ్ కోప్పడలేదు. పటం ముందు కూర్చోబెట్టి ఏ బాణం దగ్గర జారిందో చూపించింది.

రెండోది కష్టమైంది: ఇంట్లో ఒక్కరికి ఒక్క నిజం చెప్పడం.

దానికి సమయం కూడా ముంచుకొచ్చింది. వచ్చే మేనెలలో ఊరి పండుగకు లూమింగ్‌ని పెద్దమ్మగా ఎన్నుకున్నారు. ఆ ఏటి పెద్దమ్మ ఇంట్లోనే, ఆమె ఖర్చుతోనే ఊరంతటికీ విందు, మేళం, దేవుడి ఊరేగింపుకు పూలు. మాలో అంతకు మించిన గౌరవం లేదు. వాళ్ళమ్మ ఆమె తరఫున ఒప్పేసుకుంది కూడా. ఆ కబురు వచ్చిన దగ్గరనుంచే లూమింగ్ ఫోన్ ఎత్తడం మానేసిందని అప్పుడు తెలిసింది.

చెప్పడం ముందు మా గదిలో అభ్యాసం చేశాం. నేను వాళ్ళమ్మను, డాక్ చోంగ్ పాసింగ్ పిన్ని. డాక్ చోంగ్ నడుం మీద చెయ్యి వేసుకుని, ఎక్కడ నేర్చుకుందో గానీ, "ఏమే, మా లూమింగ్‌కి బుర్ర చెడిందటగా" అని దీర్ఘం తీసింది.

"ఆవిడ ఇంకా ముక్కుతో మాట్లాడుతుంది" అన్నది లూమింగ్.

డాక్ చోంగ్ ముక్కుతో మాట్లాడింది. లూమింగ్ నవ్వి నవ్వి కుట్టుమిషను మీద తల వాల్చేసింది. ఆ తర్వాత తన మాటలు తనే కూర్చుకుంది. జబ్బు పేరు ఇంగ్లీషులో చెప్పొద్దనుకుంది. లోపల బాగా అలసిపోయానని, దానికి వైద్యం ఉందని, చేయించుకుంటున్నానని, తగ్గుతోందని. అబద్ధం ఒక్కటీ లేదు, భయపెట్టే మాటా లేదు.

ఆదివారం మధ్యాహ్నం మా గదిలోంచే వీడియో కాల్ చేసింది. చెల్లెలు నెనింగ్ ఒక్కదానికే చెప్పాలనుకుంది. కానీ మావాళ్ళ ఇళ్ళల్లో ఫోన్ ఒక్కరికి రాదు. తెర మీద నెనింగ్, వెనక అమ్మ, పక్కన ఎవరిదో పిల్ల, తలుపులో పాసింగ్ పిన్ని, ఒక మేక.

"అమ్మా, ఒక మాట చెప్పాలి" అన్నది లూమింగ్. కింద బల్ల చాటున నా చెయ్యి పట్టుకుంది. "నేను చాన్నాళ్ళుగా బాగాలేను. ఒళ్ళు కాదు, లోపల. నిద్ర లేదు, ఏదీ రుచించడం లేదు. వైద్యం చేయించుకుంటున్నాను, ఇప్పుడు కొంచెం నయం. కానీ ఈ ఏడు పెద్దమ్మగా ఉండలేను. నన్ను క్షమించు."

మేక ఒకసారి అరిచింది. వాళ్ళమ్మ ఫోన్ లాక్కుని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. మాకు ఒక కన్నూ సగం ముక్కూ కనిపించాయి.

"మరి ఆ ఫొటోలేంటే?"

"అవి నువ్వు బెంగపడకూడదని."

"నువ్వు మహారాణిలా ఉన్నావనుకున్నాను. మా మామూలు కబుర్లు నీకు ఆనడం లేదేమో, ఇంకేదైనా గొప్పది చేస్తే గానీ నీకు ఊరు గుర్తు రాదేమోనని పెద్దమ్మ పదవికి ఒప్పుకున్నాను. నీకు ఇష్టమని ఒప్పుకున్నానే, నాకోసం కాదు."

"నీకోసమని నేను నోరు మూసుకున్నానమ్మా."

ఆ కన్ను తడిసింది. తర్వాత వాళ్ళమ్మ చెప్పిన మాట నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. "మీ నాన్న రాని ఏడు నేనూ అలాగే ఉన్నాను. పొయ్యి ముందు కూర్చుని దేనికి కూర్చున్నానో మర్చిపోయేదాన్ని. దానికి వైద్యం ఉందని నాకెవరూ చెప్పలేదు."

పాసింగ్ పిన్ని తలుపులోంచే ముక్కుతో, "అయితే మేళానికి మాటిచ్చేశాం కదా" అన్నది. ఎవరూ జవాబివ్వకపోయేసరికి వెళ్ళిపోయింది.

అన్నీ ఆ పూటే చక్కబడలేదు. పాసింగ్ పిన్ని క్రిస్మస్ దాకా పలకలేదు. రేవులో ఒకరిద్దరు గుసగుసలాడారని నెనింగ్ చెప్పింది. వాళ్ళమ్మ కూడా ప్రతి ఫోన్‌కీ ముందు "ఈరోజు తల బాగుందా?" అని అడిగేది, తలకి జలుబు చేసినట్టు. లూమింగ్ డాక్ చోంగ్‌తో ఆ సంగతి చెప్పుకుని విసుక్కుంది. విసుక్కోవడం కూడా మంచి గుర్తేనని డాక్ చోంగ్ అన్నది. కొన్ని వారాల తర్వాత వాళ్ళమ్మను కూడా ఫోన్‌లో కూర్చోబెట్టి, ఈ అలసట అంటే ఏమిటో, ఇంట్లోవాళ్ళు ఎలా మాట్లాడితే బరువు తగ్గుతుందో నెమ్మదిగా చెప్పింది. వాళ్ళమ్మ అంతా విని, "డాక్ గారూ, మీరు భోంచేశారా?" అని అడిగింది.

పండుగ మాత్రం ఆగలేదు. వీధిలో అన్ని ఇళ్ళూ కలిసి పెద్దమ్మ బాధ్యత పంచుకున్నాయి. ఒక ఇల్లు పూలు, ఒక ఇల్లు మేళం, ఒక ఇల్లు పంది. లూమింగ్ ఏమీ చేయక్కర్లేదన్నారు. రెండు రోజులు ఆలోచించి, "ఏమీ చేయకుండా ఉండలేను. నాకు చేతనైంది చేస్తాను" అన్నది. ఇది మళ్ళీ పాత దాపరికమేమోనని డాక్ చోంగ్ నిలదీసి అడిగింది. "కాదు డాక్, ఇది నాకు సరదా" అన్నది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూస్తే ఇక అడగాల్సిందేమీ లేదు.

మేనెల పండుగరోజు సాయంత్రం మా కేంద్రం హాలు నిండిపోయింది. అక్కడ వాళ్ళ ఊళ్ళో రెండు కొబ్బరిచెట్ల మధ్య దుప్పటి కట్టి లూమింగ్‌ని దానిమీద చూపించారట. ఇక్కడ మా గోడ మీద వాళ్ళ ఊరు. దాని ముందు లూమింగ్: ఎర్ర గౌను, ఎర్ర పెదవులు, చేతిలో మైకు. ఊరేగింపుకు, పాటల పోటీకి, పంది బరువు ఎంతో చెప్పే పందేనికి, అన్నిటికీ సముద్రం ఇవతలనుంచి ఆమే వ్యాఖ్యాత.

"ఈ ఏడు పెద్దమ్మ నేనే కావలసింది," అని మొదలుపెట్టింది. "బాగా అలసిపోయానని చెప్పాను, వదిలేశారు. అలసిపోయినవాళ్ళు మీలో ఇంకా ఎవరైనా ఉంటే చెప్పండి. నాకు తెలిసిన డాక్టరమ్మ ఒకావిడ ఉంది, ముందు పిట్టగూడువా అని అడుగుతుంది, భయపడకండి."

అటు ఊరూ ఇటు హాలూ ఒక్కసారే నవ్వాయి. వెనక వరసలో డాక్ చోంగ్ మొహం చేతుల్లో దాచుకుంది.

తర్వాత పంది మీద ఒక కథ ఎత్తుకుంది. సరిగ్గా ఆయువుపట్టు దగ్గరకు వచ్చేసరికి అటు వెళ్ళే బొమ్మ బిగుసుకుపోయింది. ఊళ్ళో దుప్పటి మీద లూమింగ్ నోరు తెరిచి అలాగే ఉండిపోయిందట, మాటా వినపడలేదట. మాకు మాత్రం అటు గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి. వాళ్ళమ్మ ఎవరి దగ్గరో మైకు లాక్కుని, "ఆ కథ నాకు తెలుసు, నేను చెప్తాను" అన్నది. చివరి మాట ముందే చెప్పేసి, మొదటి మాట చివర చెప్పింది. అసలు కథకన్నా దానికే ఊరు ఎక్కువ నవ్వింది. ఆ నవ్వుల్లో ముక్కుతో నవ్వే గొంతు ఒకటి గట్టిగా వినపడింది.

"పాసింగ్ పిన్ని," అని లూమింగ్ నా చెవిలో చెప్పింది. కళ్ళు తుడుచుకుని, లైను కలిసేలోగా కాసిని నీళ్ళు తాగి, మళ్ళీ మైకు పట్టుకుంది.